సిగ్నల్ అందని గదిలో వైఫై కాలింగ్

అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో, వెనక బెడ్‌రూమ్‌లో ఫోన్ చేస్తే మాట ముక్కలు ముక్కలవుతుంది. బాల్కనీలోకి వస్తే సిగ్నల్ నిండుగా ఉంటుంది. టవర్ దగ్గరే ఉన్నా మధ్యలోని కాంక్రీటు శ్లాబులు, గోడలు ఆ తరంగాలను చాలావరకు ఆపేస్తాయి. హాల్లోని రూటర్ నుంచి వైఫై మాత్రం ఆ గదికి బాగానే అందుతుంటే, టవర్‌ను పక్కనపెట్టి ఆ దారిలోనే మాట పంపవచ్చు. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ఈ సదుపాయం తెచ్చాయి.

సెట్టింగ్స్‌లో Wi-Fi Calling ఆన్ చేయగానే ఫోన్ మీ ఇంటి ఇంటర్నెట్ గుండా మొబైల్ కంపెనీ గేట్‌వేను చేరి, సిమ్‌తో తన గుర్తింపు నిరూపించుకుంటుంది. రెండింటి మధ్య రహస్య లిపిలో నడిచే ఒక సొరంగం ఏర్పడుతుంది. అక్కడి నుంచి అది మామూలు కాలే. నంబరు మీదే, యాప్ అక్కర్లేదు, అవతలివాళ్లది ల్యాండ్‌లైన్ అయినా మోగుతుంది. నిమిషం మాటకు ఒక ఎంబీ డేటా కూడా పట్టదు.

ఆన్ చేసినా తేడా కనిపించలేదని చాలామంది అంటుంటారు. కారణం ఆ మిగిలిన ఒక్క గీతే. సిగ్నల్ పూర్తిగా పోతే ఫోన్ వైఫైకి మారిపోతుంది. కాస్త ఉంటే మాత్రం ఆ బలహీనమైన టవర్‌నే పట్టుకు వేలాడుతుంది. పరీక్షించాలంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేసి కాల్ చేయండి. మాట స్పష్టంగా వస్తే వైఫై దారి సరిగ్గా ఉన్నట్టే. ఇక కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్స్‌కు వైఫైకే మొదటి ప్రాధాన్యం ఇచ్చే ఎంపిక ఉంటుంది, అది పెట్టుకుంటే చాలు. ఏరోప్లేన్ మోడ్‌లోనూ కాల్ వెళ్లకపోతే ఆ సిమ్‌కు సదుపాయం లేకపోవచ్చు, లేదా ఆ వైఫై అలాంటి సొరంగాలను అడ్డుకుంటూ ఉండవచ్చు. ఆఫీసులు, హాస్టళ్ల వైఫైలో ఇది మామూలే.

అసలు చిక్కు గడప దగ్గర వస్తుంది. మాట్లాడుతూ బయటికి నడిస్తే కాల్ వైఫై నుంచి 4జీ టవర్‌కు మారాలి. ఫోన్‌లో VoLTE ఆన్‌లో ఉండి, అక్కడ సిగ్నల్ దొరికితే తెగకుండా మారుతుంది. మెట్ల దగ్గర రూటర్ సిగ్నల్ సన్నగిల్లి, టవర్‌దీ ఇంకా అందకపోతే తెగిపోతుంది. అలాంటి ఇంట్లో కాల్ ముగిశాకే గది దాటడం మేలు. ఇంట్లో ఎవరైనా పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తున్నప్పుడు మీ మాట అవతలికి తెగితెగి వెళుతుంది, వాళ్ల మాట మీకు బాగానే వినిపిస్తుంది. ఆ తేడాను బట్టి తప్పు మీ అప్‌లోడ్ దారిదని అనుమానించవచ్చు.

కరెంటు పోతే రూటర్ ఆగి, ఈ దారి మూసుకుపోతుంది. రూటర్‌కు చిన్న యూపీఎస్ తగిలించుకోండి. ఫైబర్ పెట్టె విడిగా ఉంటే దానికీ కావాలి. ఇంకో మాట: వైఫై మీద 112కు చేస్తే, మీరెక్కడున్నారో చెప్పే టవర్ ఆనవాలు ఆ కాల్‌కు ఉండకపోవచ్చు. ముందుగా చిరునామా చెప్పేయండి.