జలుబు తగ్గింది, చెవి మాత్రం తెరుచుకోలేదు: లోపల ఏం జరుగుతోంది?

పోయిన వానాకాలం నాకు జలుబు చేసింది. అయిదు రోజుల్లో తగ్గింది కూడా. ఆరో రోజు పొద్దున్న లేస్తే కుడి చెవి దిబ్బడ. నా గొంతు నాకే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు వినిపిస్తోంది. గుటక వేస్తే టప్ అని చిన్న చప్పుడు. అమ్మ వెంటనే కొబ్బరి నూనె వెచ్చబెట్టి రెండు చుక్కలు వేసింది. ఏం మారలేదు. ఎందుకు మారలేదో తెలిస్తే మిగతా కథంతా అర్థమైపోతుంది.

మనం వేలు పెట్టే దారి కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది. అది పల్చటి పొర. నూనె అక్కడివరకే వెళ్తుంది. సమస్య ఉన్నది ఆ పొర వెనకాల, మధ్య చెవి అనే చిన్న గాలి గదిలో. ఆ గదికి ఉన్న దారి ఒక్కటే, యూస్టేషియన్ ట్యూబ్. పెద్దవాళ్ళలో సుమారు మూడున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది, ముక్కు వెనక భాగంలోకి తెరుచుకుంటుంది. మామూలుగా మూసుకునే ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు అంగిలి దగ్గరి కండరాలు లాగితే ఒక్క క్షణం తెరుచుకుంటుంది. అప్పుడే లోపలికి కొత్త గాలి వెళ్తుంది. లోపల ఊరే తడిని ఆ ట్యూబ్‌లోని సన్నటి వెంట్రుకల్లాంటివి ముక్కు వైపుకి తోస్తుంటాయి.

జలుబు వస్తే ముక్కుతో పాటు ఆ ట్యూబ్ లోపలి పొర కూడా వాస్తుంది. దారి మూతపడుతుంది. గదిలో ఉన్న గాలిని చుట్టూ ఉన్న పొర మెల్లగా పీల్చేసుకుంటుంది, కొత్తది రాదు. లోపల ప్రెషర్ తగ్గి కర్ణభేరి లోపలికి లాగబడుతుంది. అదే ఆ దిబ్బడ. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే పొరలోంచి నీరు ఊరి గదిలో చేరుతుంది. అంటే నీరు బయటి నుంచి రాలేదు, తలస్నానం తప్పేం లేదు పాపం.

టప్ టప్ అంటే భయపడకండి. అంటుకున్న ట్యూబ్ గోడలు విడిపోతున్న చప్పుడు అది, చాలాసార్లు మంచి గుర్తే. నాకు రెండో వారంలో ఆ చప్పుళ్ళు ఎక్కువయ్యాయి, మూడో వారానికి చెవి పూర్తిగా తెరుచుకుంది. నేను చేసిందల్లా చూయింగ్ గమ్ నమలడం, అప్పుడప్పుడు ముక్కు మూసుకుని నెమ్మదిగా గాలి ఊదడం. నెమ్మదిగా అన్నాను, గుర్తుంచుకోండి. గట్టిగా ఊదితే కర్ణభేరికి దెబ్బ. జలుబు జోరుగా ఉండగా, చెవి నొప్పిగా ఉండగా అసలు వద్దు. ముక్కు దిబ్బడకి వేసే చుక్కల మందు కూడా వారం పైన లాగితే దిబ్బడ తిరగబెడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నా పాత రూమ్మేట్‌కీ ఇలాగే ఒక చెవి మూసుకుపోయింది. జలుబు వల్లే అనుకుని పది రోజులు ఊరుకున్నాడు. తీరా చూస్తే అది నీరు కాదు, లోపలి చెవిలో వినికిడి ఒక్కసారిగా పడిపోయింది. దానికి స్టెరాయిడ్ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత నయం. వాడికి కొంతే తిరిగొచ్చింది.

రెండిటికీ తేడా ఇంట్లోనే కొంత పసిగట్టొచ్చు. నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అని హమ్ చేయండి. మూసుకున్న చెవిలోనే ఎక్కువగా వినిపిస్తే అడ్డు మధ్య చెవిలోనో గుబిలి వల్లనో ఉండొచ్చు. బాగున్న చెవిలో ఎక్కువగా వినిపిస్తే నరం వైపు అనుమానం. డాక్టర్లు శృతిదండంతో చేసే పరీక్షకి ఇది ఇంటి రూపం అంతే, ఫైనల్ కాదు. హమ్ ఏం చెప్పినా సరే, గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో ఒక చెవి వినికిడి బాగా పడిపోతే అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి. తీవ్రమైన నొప్పి, జ్వరం, చెవి కారడం, కళ్ళు తిరగడం, చెవి వెనక వాపు, మూతి వంకరపోవడం, వీటికీ ఆగొద్దు.

ఇవేం లేకుండా ఉత్త దిబ్బడే అయితే కొన్ని వారాలు చూడొచ్చు. కానీ పెద్దవాళ్ళలో నెలన్నర దాటినా, ముఖ్యంగా ఒక్క చెవిలోనే నీరు ఉండిపోతే చూపించుకోవాలి. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి ప్రెషర్ మార్చే టింపనోమెట్రీ అనే పరీక్షలో నీరుందో లేదో తెలుస్తుంది. దాంతోపాటు సన్న గొట్టం కెమెరాతో ముక్కు వెనక కూడా చూస్తారు. ట్యూబ్ నోటిని అక్కడ ఏదైనా గడ్డ మూసేస్తోందా అని. అరుదే, కానీ ఉంటే వదిలేయకూడదు.

చిన్నపిల్లల్లో ఈ ట్యూబ్ పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. అందుకే వాళ్ళకి నీరు ఎక్కువగా చేరుతుంది, ఎక్కువమందిలో మూడు నెలల్లోపు దానంతటదే పోతుంది. మీ అక్క కొడుకు టీవీ సౌండ్ పెంచుతున్నాడా, వెనక నుంచి పిలిస్తే పలకట్లేదా? మొండితనం అని తిట్టేముందు ఓసారి వినికిడి పరీక్ష చేయించమనండి. మాటలు ఆలస్యమవుతుంటే మూడు నెలలు కూడా ఆగక్కర్లేదు.