బిల్లు కోసం ఇచ్చిన నంబరు

కెనడాలో ఒకాయన తన ఫేస్‌బుక్ ఖాతా మూసేస్తూ, మూసే ముందు తన గురించి అక్కడ ఏం నమోదై ఉందో చూసుకున్నాడు. ఇంటి మరమ్మతు సామాన్లు అమ్మే హోమ్ డిపో దుకాణానికి తాను స్వయంగా నడిచి వెళ్లి కొన్నవాటి నమోదు అందులో కనిపించింది. కొన్నది దుకాణంలో. ఫేస్‌బుక్‌కు ఎలా తెలిసింది?

ఆయన ఫిర్యాదుపై ఆ దేశపు గోప్యతా కమిషనర్ కార్యాలయం విచారణ జరిపి 2023 జనవరిలో నివేదిక ఇచ్చింది. కౌంటర్ దగ్గర క్యాషియర్లు 'రసీదు ఈమెయిల్‌లో పంపమంటారా?' అని అడిగేవారు. సరేనని ఇచ్చిన ఈమెయిల్‌ను సంకేత రూపంలోకి మార్చి, ఏం కొన్నారన్న స్థూల వివరాలు జోడించి, ఆ సంస్థ మెటాకు పంపేది. ఏ ప్రకటన చూసినవాళ్లు దుకాణానికి వచ్చి కొన్నారో లెక్క తేల్చుకోవడమే దాని ఉద్దేశం. అయితే ఆ వివరాలను మెటా తన సొంత అవసరాలకూ వాడుకునే వీలు ఒప్పందంలో ఉంది. మా గోప్యతా ప్రకటనలో ఇదంతా రాశాం, ప్రతిసారీ అనుమతి అడిగితే జనం విసుగెత్తిపోతారు అని సంస్థ వాదించింది. కమిషనర్ ఒప్పుకోలేదు. రసీదు కోసం ఈమెయిల్ ఇచ్చిన మనిషి ఇలా జరుగుతుందని ఊహించే అవకాశమే లేదన్నారు. విచారణ నడుస్తుండగానే సంస్థ ఆ పద్ధతి మానేసింది.

రసీదు మాటున జరిగిన ఈ పని మన ఊళ్లలో బిల్లు మాటున జరుగుతోంది. బట్టల షాపులో, చెప్పుల షాపులో, సూపర్ మార్కెట్లో 'ఫోన్ నంబర్ చెప్పండి మేడం' అన్నాకే బిల్లు బయటికొస్తోంది. ఒక షాపు మూడు షాపులయ్యేసరికి ఆ కంప్యూటర్‌లో వేల నంబర్లు పోగుపడతాయి. ఏదో ఒక రోజు ప్రకటనల ఏజెన్సీ నుంచి వచ్చిన కుర్రాడు, 'ఆ లిస్టు ఎక్సెల్‌లో ఇవ్వండి సార్, మీ కస్టమర్ల లాంటివాళ్లనే కొత్తగా వెతికి పెడతాం' అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. దాని వెనక ఏం జరుగుతుందో యజమానికి తెలియాలి, నంబరిచ్చిన మనిషికీ తెలియాలి.

జాబితా అప్‌లోడ్ చేయగానే రెండు వేర్వేరు పనులకు దారి తెరుచుకుంటుంది. మొదటిది, జాబితాలో ఉన్నవాళ్లకే ప్రకటన చూపడం, లేదా వాళ్లకు మాత్రం చూపకుండా తప్పించడం. మెటాలో దీన్ని కస్టమ్ ఆడియన్స్ అంటారు, గూగుల్‌లో కస్టమర్ మ్యాచ్. రెండోది లుక్‌అలైక్. జాబితాలోని వాళ్లను నమూనాగా తీసుకుని, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వాళ్ల అలవాట్లకు దగ్గరగా ఉన్న కొత్తవాళ్లను మెటాయే ఎంచి పెడుతుంది. దేశంలో తన వాడుకరుల్లో ఒక శాతం మొదలు పది శాతం వరకు ఎంతమంది కావాలో ప్రకటనదారు చెప్పొచ్చు. శాతం తగ్గేకొద్దీ పోలిక దగ్గరగా ఉంటుంది. మన దేశంలో ఒక్క శాతమన్నా లక్షల మంది కాబట్టి, అందులోంచి వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల వాళ్లకే అని మళ్లీ కుదించుకోవాలి. ఎంపికైనవాళ్ల పేర్లు షాపువాళ్లకు ఎన్నడూ కనిపించవు. గూగుల్ కూడా ఇలాంటి పోలిక జాబితాలు ఇచ్చేది గానీ 2023లో ఆపేసింది.

అప్‌లోడ్ సమయంలో ఏజెన్సీవాళ్లు ధైర్యం చెబుతూ, నంబర్లు నేరుగా వెళ్లవు, హ్యాష్ అయి వెళ్తాయి అంటారు. ఇదీ నిజమే. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కతో ప్రతి నంబరూ 64 అక్షరాల, అంకెల పొడుగాటి వరుసగా మారుతుంది. మెటా తన వాడుకరుల నంబర్లనూ అదే లెక్కతో మార్చి, రెండు వరుసలు కలిసినచోట 'ఈ మనిషే' అని గుర్తిస్తుంది. పోల్చడం అయ్యాక హ్యాష్‌లను తొలగిస్తామని కూడా చెబుతుంది. కానీ ఆ మనిషిని గుర్తుపట్టడానికే కదా ఇంత పనీ. గుర్తుపట్టాక 'ఫలానా షాపు కస్టమర్' అన్న ముద్ర జాబితాలో ఉండిపోతుంది. పైగా మన సెల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి. అంటే మొత్తం వీలున్నవి 400 కోట్లే. అన్నింటికీ హ్యాష్‌లు ముందే లెక్కగట్టి పెట్టుకోవడం మంచి గ్రాఫిక్స్ కార్డున్న ఒక్క కంప్యూటర్‌కు నిమిషాల పని. అందుకే హ్యాష్ చేశాం కాబట్టి అది వ్యక్తిగత సమాచారం కాదు అనే వాదన నిలవదు. జర్మనీలోని బవేరియాలో ఒక ఆన్‌లైన్ షాపు ఇదే వాదనతో కోర్టుకెక్కి 2018లో ఓడిపోయింది.

మన చట్టం ఏమంటుందో చూద్దాం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వ్యాపారుల మీద బాధ్యతలు మోపే ప్రధాన భాగాలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. ఈ చట్టంలోనే మన ప్రశ్నకు జవాబు లాంటి ఉదాహరణ ఒకటుంది. ఒకావిడ మందుల షాపులో మందులు కొని, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమని తన నంబరు తానే ఇస్తుంది. ఆ రసీదు పంపడానికి షాపు ఆ నంబరు వాడుకోవచ్చు. ఉదాహరణ అక్కడితో ఆగుతుంది. ప్రకటనల జాబితాలో చేర్చాలంటే అది వేరే పని, దానికి విడిగా అనుమతి కావాలి. ఆ అనుమతి స్వేచ్ఛగా, ఆ పనికే పరిమితంగా, విషయం తెలిసి, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి చెల్లదు. నంబరిస్తేనే బిల్లు అనడం ఇంకా తప్పు. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే ఆ బలవంతం కూడదని రిటైలర్లకు చెప్పింది. ప్రచార ఎస్సెమ్మెస్‌ల కోసం తీసుకున్న అనుమతిని దీనికి వాడుకోవడమూ కుదరదు.

యజమానులకు ఇక్కడే దిగులు పుడుతుంది. అడిగితే ఎవరిస్తారు, నలుగురైదుగురు సరేనంటే ఆ లిస్టు దేనికి పనికొస్తుంది అంటారు. లెక్క వేసి చూద్దాం. హన్మకొండ, కరీంనగర్, ఖమ్మంలలో మూడు చీరల షాపులున్న ఒక కుటుంబం ఉందనుకుందాం. నాలుగేళ్ల బిల్లుల్లో 22,000 నంబర్లున్నాయి. ముందు వాటిని శుభ్రం చేయాలి. కస్టమర్ నంబరు చెప్పనన్నప్పుడు క్యాషియర్ పది తొమ్మిదులు కొట్టేసి ఉంటాడు, లేదా తన నంబరే వేసి ఉంటాడు. ఒకే నంబరు మీద వందల బిల్లులు కనిపిస్తే అది అదే. ముందు సున్నా ఉన్నవీ, 91 లేనివీ సరిచేయాలి, ఎందుకంటే ఒక్క అంకె తేడా వచ్చినా హ్యాష్ పూర్తిగా మారిపోయి మనిషి దొరకడు. ఇవన్నీ పోగా 18,000 మిగిలాయనుకుందాం. వీళ్లలో ఎవరూ ప్రకటనలకు ఒప్పుకున్నవాళ్లు కారు. కాబట్టి ఆ ఫైలు ఏజెన్సీకి వెళ్లకూడదు.

ఇప్పుడు కౌంటర్ దగ్గర కొత్తగా అడగడం మొదలుపెడతారు. బిల్లు పూర్తయ్యాక, విడిగా, తెలుగులో: 'మీ నంబరును ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో మా ప్రకటనలు చూపడానికీ, మీలాంటి కొత్త కస్టమర్లను వెతకడానికీ వాడుకోవచ్చా? వద్దంటే మీ బిల్లుకూ డిస్కౌంటుకూ ఏ తేడా ఉండదు. తర్వాత ఎప్పుడైనా వద్దని చెప్పొచ్చు.' నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు కల్పించాలని చట్టమే చెబుతోంది. ఎవరు, ఏ తేదీన, ఏ మాటలకు సరేనన్నారో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నమోదు కావాలి. రేపు వివాదమొస్తే అనుమతి తీసుకున్నామని నిరూపించాల్సింది షాపే.

ఒక పండగ సీజన్‌లో 2,400 మంది అవునన్నారనుకుందాం. వాళ్లలో సగం నంబర్లే ఫేస్‌బుక్ ఖాతాలతో కలిసినా 1,200 మంది. లుక్‌అలైక్ తయారవడానికి మెటా అడిగే కనీసం ఒకే దేశానికి చెందిన 100 మంది, బాగా పనిచేయడానికి సూచించేది వెయ్యి నుంచి ఐదు వేల వరకు. అంటే అనుమతిచ్చిన చిన్న జాబితాతోనే పని జరుగుతుంది. పైగా నమూనా ఎంత పెద్దదన్నదాని కంటే అందులో ఎవరున్నారన్నదే ముఖ్యం. ఒక్కసారి లంగా గుడ్డ కొని వెళ్లినవాళ్లూ, టోకున కొనే చిల్లర వర్తకులూ కలిసిన 18,000 నంబర్ల నుంచి వచ్చే పోలిక ఏ ముఖమూ లేనిది. ఏడాదిలో రెండు మూడుసార్లు పట్టుచీరలు కొన్నవాళ్ల నుంచి వచ్చేది పదునైనది. ఈ దారిలో నష్టం ఒకటుంది, దాచి లాభం లేదు. అనుమతివ్వని పాత కస్టమర్లను ప్రకటనల నుంచి తప్పించలేరు కాబట్టి కొంత డబ్బు ఇప్పటికే మనవాళ్లయిన వాళ్ల మీద ఖర్చవుతుంది. ఆ ఖర్చు భరించదగ్గదే అని నా అభిప్రాయం.

అనుమతి ఉన్నా చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ప్రసూతి దుస్తులు కొన్నవాళ్లను విడదీసి ఒక జాబితాగా పంపితే, ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పని విషయం ఒక కంపెనీకి చేరవేసినట్టే. పిల్లల బట్టల షాపులు పుట్టినరోజు ఆఫర్ల కోసం పిల్లల పేర్లు, తేదీలు రాసుకుంటాయి. 18 ఏళ్లలోపు వాళ్లందరూ చట్టం దృష్టిలో పిల్లలే, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చేయడాన్ని అది నిషేధిస్తోంది. ఆ గడులు అప్‌లోడ్ ఫైలులో ఉండనే కూడదు.

ఫైలు ప్రయాణం గురించీ చెప్పాలి. చాలాచోట్ల అది వాట్సాప్‌లో ఏజెన్సీ కుర్రాడి ఫోన్‌కు వెళ్తుంది. అతను ఉద్యోగం మారినా ఫైలు అతని ఫోన్‌లోనే ఉంటుంది. అది బయటికి పొక్కితే జవాబు చెప్పాల్సింది ఏజెన్సీ కాదు, షాపు. తగిన భద్రత పాటించనందుకు చట్టం వేయగల జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. షాపు సొంత ప్రకటనల ఖాతాలో షాపు మనిషే అప్‌లోడ్ చేసి, ఏజెన్సీకి ప్రకటనలు నడిపే అధికారం మాత్రమే ఇస్తే ఈ బెడద చాలావరకు తీరుతుంది.

ఎక్కువమంది తప్పేది చివరి మెట్టు దగ్గర. కస్టమర్ వచ్చి 'నా నంబరు తీసేయండమ్మా' అంటే క్యాషియర్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో తీసేసి అయిపోయిందనుకుంటుంది. మెటాలో, గూగుల్‌లో, ఏజెన్సీ దగ్గర ఆ నంబరు అలాగే ఉంటుంది. అనుమతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలన్నది చట్టం మాట. కాబట్టి వద్దన్నవాళ్ల జాబితా ఒకటి విడిగా పెట్టుకుని, వారానికోసారి అన్నిచోట్లా వాళ్లను తొలగించే బాధ్యత ఒక మనిషికి అప్పగించాలి. నమూనా జాబితా మారితే, ప్రకటన నడుస్తున్నంత కాలం లుక్‌అలైక్ కూడా కొన్నాళ్లలో తనంతట తాను సర్దుకుంటుంది. ఇదంతా జరుగుతోందో లేదో యజమాని తనే చూసుకోవచ్చు. ఇంట్లోవాళ్ల నంబరు ఒకటి అనుమతితో జాబితాలో చేర్చి, ఆ తర్వాత కౌంటర్‌కు వెళ్లి మామూలు కస్టమర్ లాగే తీసేయమని అడిగించాలి. రెండు వారాలాగి ఆ ఫోన్‌లో ఫేస్‌బుక్ ప్రకటనల సెట్టింగులు తెరిచి, జాబితాలు అప్‌లోడ్ చేసిన సంస్థల పేర్లు ఉండే చోట తమ షాపు పేరు ఇంకా కనిపిస్తోందేమో చూడాలి.