తేడా చెప్పే ఆనవాళ్లు

హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్ వైపు ఉన్న గోడౌన్లలో సప్లై చైన్ ఇంటర్న్‌గా చేరినవారి చేతికి తరచుగా వచ్చే పని సరుకు లెక్క. ర్యాకుల్లో ఉన్నది లెక్కపెట్టి, కంప్యూటర్‌లో ఉన్న అంకెతో సరిచూడాలి. తేడా వచ్చాక అది ఎందుకు వచ్చిందో పట్టుకోవడమే ఇందులో అసలు పని.

లెక్క మొదలుపెట్టే ముందే ఒక గీత గీసుకోవాలి. ఆ క్షణానికి ఆఖరుగా నమోదైన సరుకు రాక చీటీ నంబరు, ఆఖరి ఇన్వాయిస్ నంబరు రాసుకుని, అప్పటి నుంచి ఆ ర్యాకుల్లో సరుకు కదలకుండా ఆపాలి. లేకపోతే లారీ నుంచి దిగి ఇంకా నమోదుకాని సరుకు మిగులుగా కనిపిస్తుంది. బిల్లు అయిపోయినా లోడింగ్ కోసం గుమ్మం దగ్గరే ఆగిన పెట్టెలను లెక్కలో కలిపినా అంతే. ఇవి నిజమైన తేడాలు కావు, సమయం తెచ్చిన తేడాలు.

లెక్కించేవారి కాగితం మీద కంప్యూటర్ అంకె ఉండకూడదు. 30 పెట్టెలు ఉండాలని ముందే తెలిస్తే 28 దగ్గర సందేహం వచ్చినా మనసు 30కే మొగ్గుతుంది. వరుసకు ఎన్ని, ఎన్ని వరుసలు అని గుణించేటప్పుడు దొంతర మధ్యలో ఖాళీ ఉందేమో తొంగి చూడాలి. కంపెనీ పేరు ముద్రించిన టేపు మీద మామూలు టేపు మళ్లీ అంటించి ఉంటే ఆ పెట్టెను ఎవరో ఒకసారి తెరిచారన్నమాట. దాన్ని నిండు పెట్టెగా రాసుకోకుండా విప్పి లోపలివి లెక్కపెట్టాలి.

ఇక తేడా సంగతి. ఒక గోడౌన్‌లో కొబ్బరినూనె సీసాలు ఉన్నాయనుకుందాం. 200 మి.లీ.వి పెట్టెకు 48, 100 మి.లీ.వి పెట్టెకు 72. పక్కపక్క ర్యాకుల్లో ఒకే రంగు పెట్టెలు. పెద్ద సీసాలు రికార్డులో 1,440 ఉంటే లెక్కలో 1,344 తేలాయి: 96 తక్కువ. చిన్నవి 1,800 ఉండాల్సింది 1,944 ఉన్నాయి: 144 ఎక్కువ. సీసాల్లో చూస్తే ఈ రెండు అంకెలకూ సంబంధమే కనిపించదు. పెట్టెల్లోకి మార్చి చూడండి. అక్కడ రెండు పెట్టెలు తక్కువ, ఇక్కడ రెండు పెట్టెలు ఎక్కువ.

తేడా నిండు పెట్టెల్లో వచ్చిందంటే ఎవరో విడిగా సీసాలు తీసుకుని ఉంటారన్న అనుమానం బలహీనపడుతుంది. చిల్లర దొంగతనమో, పగిలినవి నమోదు చేయకపోవడమో అయితే ఏడు, పదకొండు లాంటి అంకెలు రావడమే ఎక్కువ. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగమైతే 54కి బదులు 45 కొట్టినట్టు అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. అయితే మన 144 కూడా తొమ్మిదితో భాగమవుతుంది. కాబట్టి ఇవి వెతకాల్సిన దిక్కు చూపిస్తాయే గానీ రుజువులు కావు.

రుజువు కాగితాల్లో దొరకాలి. ముందు వేరొకరితో ఆ రెండు ర్యాకులూ మళ్లీ లెక్కపెట్టించాలి. పెట్టెలు పక్క ర్యాకులో తప్పుగా సర్ది ఉంటే ఇక్కడే బయటపడుతుంది. అంకెలు మారకపోతే, కిందటి లెక్క సరిపోయిన రోజు నుంచి 100 మి.లీ. సీసాలు కనీసం రెండు పెట్టెలు వెళ్లిన ఇన్వాయిస్‌లన్నీ బయటికి తీయాలి. వాటిలో ఒక డిస్ట్రిబ్యూటర్‌కు సరిగ్గా రెండు పెట్టెలే వెళ్లాయి. ఫోన్ చేస్తే తనకు పెద్ద సీసాలు వచ్చాయని చెప్పాడు. అంటే బిల్లు చిన్నవాటికి, లారీ ఎక్కింది పెద్దవి. ఆ రెండు పెట్టెలు వెనక్కి తెప్పించి, అసలు పంపాల్సినవి పంపితే రెండు ర్యాకులూ రికార్డుతో సరిపోతాయి.

ఈ తిప్పలు లేకుండా కంప్యూటర్‌లో సర్దుబాటు ఎంట్రీ వేస్తే ఆ రోజుకు పని అయిపోతుంది. పెద్ద సీసా 90 రూపాయలు, చిన్నది 48 అనుకుంటే 8,640 నష్టం, 6,912 లాభం, నికరంగా 1,728 రూపాయలే. లక్షల సరుకులో ఈ మొత్తాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఒకేలాంటి పెట్టెలు పక్కపక్కనే ఉంటాయి, వచ్చే వారం మళ్లీ అదే పొరపాటు జరుగుతుంది. అందుకే నికర విలువను బట్టి గోడౌన్‌కు మార్కులు వేయడం నా దృష్టిలో తప్పు. తక్కువనూ ఎక్కువనూ విడివిడిగా చూపించాలి.

చట్టం కూడా ఈ తేడాలను పట్టించుకుంటుంది. 2020 నాటి ఆడిటర్ నివేదిక ఉత్తర్వు వర్తించే కంపెనీల్లో, ఏ తరగతి సరుకులోనైనా మొత్తం తేడా 10 శాతం లేదా అంతకు మించితే ఆడిటర్ ఆ విషయం రాయాలి. పోయిందని లెక్కల్లోంచి కొట్టేసిన సరుకు మీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర భద్రంగా ఉన్న 96 సీసాలను పోయినవిగా రాస్తే, పోని సరుకుకు పన్ను భారం మోసినట్టే.