నాడి దొరకని చెయ్యి

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప కోతలు జోరుగా సాగే రోజుల్లో చెయ్యి లాగుతోందనని కూలీ ఆడమనిషి ఉండదు. పొద్దున్నుంచి వంగి కాయ కోస్తే, పత్తి చేలో ఒడి కట్టుకుని సాయంత్రం దాకా దూది తీస్తే ఎవరికైనా భుజం పీకుతుంది. అందుకే ఒక రక్తనాళాల జబ్బు మన ప్రాంతంలో ఇట్టే దాక్కుంటుంది. మామూలు అలుపులో రెండు చేతులూ నొప్పెడతాయి, నిద్రపోయి లేస్తే చాలావరకు తగ్గుతుంది. ఈ జబ్బులో మాత్రం ఒక చెయ్యి పని మొదలెట్టిన కాసేపటికే బరువెక్కి పడిపోతుంది, దించి రెండు నిమిషాలు ఊరుకుంటే సర్దుకుంటుంది. మళ్లీ ఎత్తితే మళ్లీ అంతే. పొలంలో పని లేని రోజున కూడా, తల వెనక జడ అల్లుకునేటప్పుడు సగంలో చెయ్యి దించాల్సి వస్తే అది అలుపు కాదు. చేతికి రక్తం చాలడం లేదేమోనని అనుమానించాలి.

దీని పేరు తకయాసు ఆర్టరైటిస్. జపాన్‌లో మికితో తకయాసు అనే కంటి వైద్యుడు 1908లో ఒక యువతి కంటి వెనక పొరలో రక్తనాళాలు దండలా అల్లుకుని ఉండటం చూసి ఒక వైద్య సభలో చెప్పాడు. అదే సభలో మరో ఇద్దరు వైద్యులు లేచి, తాము చూసిన ఇలాంటి రోగులకు మణికట్టు దగ్గర నాడి దొరకలేదని చెప్పారు. కంటికీ చేతికీ ఒకటే కారణం. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని, దాని పెద్ద కొమ్మల గోడలు వాచిపోతాయి. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ కణాలే గోడ బయటి పొరలోంచి లోపలికి చేరతాయి. గోడ దళసరెక్కుతుంది, తర్వాత మచ్చకట్టి గట్టిపడుతుంది, లోపలి దారి సన్నబడుతుంది. ఎందుకు మొదలవుతుందో ఇంకా తేలలేదు. ఎక్కువగా నలభై లోపు ఆడవాళ్లకు వస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఇరవై ఆరేళ్ల అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఏడాది క్రితం రెండు నెలలు సన్నజ్వరం, ఒళ్లునొప్పులు, బరువు తగ్గడం. టైఫాయిడ్ అన్నారు, మందులు వాడింది, తగ్గినట్టే అయింది. జబ్బు మొదటి దశ తరచూ ఇలాగే మరో పేరుతో వెళ్లిపోతుంది. ఇప్పుడు ఎడమచెయ్యి లాగుతోంది. మిరప చేలో చెయ్యి ఆడించి పనిచేస్తుంటే కళ్లు తిరుగుతున్నాయి. ఎండదెబ్బ అనుకుంది. ఊళ్లో ఎడమచేతికి పట్టీ కట్టి బీపీ చూస్తే పైఅంకె 86. లో బీపీ, ఉప్పు మజ్జిగ బాగా తాగమ్మా అన్నారు.

ఇక్కడే అసలు ప్రమాదం. ఎడమచేతికి వెళ్లే నాళం భుజానికి ముందే మూసుకుపోయింది కాబట్టి అక్కడ 86 వచ్చింది. కుడిచేతికి చూస్తే 168/100. గుండె, మెదడు, మూత్రపిండాలు భరిస్తున్నది ఈ 168నే. ఆ ఒత్తిడికి ఉప్పు మజ్జిగ ఇంకొంచెం తోడవుతుంది. కళ్లు తిరగడానికి ఎండ కారణం కాదు. చేతికి రక్తం చాలక, మెదడుకు వెళ్లాల్సిన మెడ నాళం నుంచి అది వెనక్కి మళ్లి చేతిలోకి దిగుతోంది. చెయ్యి పనిచేసినప్పుడే ఇలా జరుగుతుంది కాబట్టి చేలోనే తూలుతోంది.

నాడి చూడటం తెలిసిన పెద్దలు ఆడవాళ్లకు ఎడమచేతినే పట్టుకునేవారు. ఈ జబ్బు ఎక్కువగా పట్టేదీ ఆ చేతి నాళాన్నే. కానీ ఒక చెయ్యి చాలదు. మూడు వేళ్లు మణికట్టు మీద, బొటనవేలి కింద ఆనించి రెండు చేతులూ ఒకేసారి పట్టి చూడాలి. ఒకవైపు కొట్టుకుంటూ రెండోవైపు ఏమీ తగలకపోతే రెండు చేతులకూ, ఒక కాలికీ బీపీ చూడాలి. చేతుల మధ్య తేడా పది దాటితే అనుమానించాలి, ఇరవై దాటితే ఊరుకోకూడదు. కాలి బీపీ మామూలుగా చేతితో సమానంగా గానీ కొంచెం ఎక్కువగా గానీ ఉంటుంది. రెండు చేతుల నాళాలూ మూసుకుపోయినవారికి కాలి అంకే అసలు అంకె. పొట్టలోని బృహద్ధమని కూడా సన్నబడితే కాలిదీ నమ్మలేం. అప్పుడు యాంజియోగ్రామ్ చేసేటప్పుడు గొట్టం లోపలికి పంపి నేరుగా కొలవాల్సిందే.

ఇంత జరిగినా మన అమ్మాయి చెయ్యి వెచ్చగానే ఉంది, వేళ్లు నల్లబడలేదు. మూత మెల్లగా పడటంతో చుట్టూ చిన్న నాళాలు పక్కదారులు వేసుకున్నాయి. ఆ దారుల్లో వచ్చే రక్తం ప్రాణం నిలపడానికి చాలుతుంది, వేళ్లకు తగిలేలా కొట్టుకోవడానికి చాలదు. డాక్టర్ కాలర్ ఎముక పైన స్టెతస్కోప్ పెడితే ఇరుకు సందులోంచి దూసుకెళ్లే రక్తం బుస్సుమని వినిపించింది.

తర్వాత స్కాన్. మెడకు డాప్లర్ చేస్తే నాళం గోడ చుట్టూ ఒకే తీరుగా దళసరిగా కనిపించింది. ఎంఆర్ యాంజియోగ్రామ్‌లో ఎడమచేతి నాళం మూసుకుపోయి, ఎడమ మూత్రపిండానికి వెళ్లే నాళం సన్నబడి ఉంది. 168కి కారణం అదే. రక్తం తగ్గిన మూత్రపిండం ఒంట్లోనే బీపీ తగ్గిందనుకుని దాన్ని పెంచే రసాయనాలు వదులుతుంది. మన దేశంలో చాలామంది తకయాసు రోగులు బయటపడేది ఈ బీపీతోనే. రక్తపరీక్షల్లో ఈఎస్ఆర్, సీఆర్పీ పెరగవచ్చు, కానీ అవి మామూలుగా ఉన్నాయని జబ్బు చల్లారిందనుకోకూడదు. లోపల గోడ కాలుతున్నా ఈఎస్ఆర్ పెరగనివాళ్లు ఉంటారు. అందుకే మన దేశపు రుమటాలజిస్టులు ఇటాస్ 2010 అనే కొలబద్ద తయారుచేశారు. అందులో గత మూడు నెలల్లో కొత్తగా ఏ నాడి పోయింది, ఎక్కడ కొత్తగా బుస వినిపించింది, నొప్పి ఎక్కడ మొదలైంది అని అడిగి లెక్కగడతారు. దాన్ని రూపొందించినవారిలో మనవాళ్లు రైలెక్కి వెళ్లే వేలూరు సీఎంసీ వైద్యులూ ఉన్నారు.

వైద్యం ప్రెడ్నిసొలోన్‌తో మొదలవుతుంది. పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 40 నుంచి 60 మిల్లీగ్రాములు. రెండు మూడు నెలల్లో 20 లోపుకు, ఏడాదికి 10 లోపుకు దించడం లక్ష్యం. దించేకొద్దీ జబ్బు తిరగబెట్టడం మామూలు, అందుకే మొదటినుంచే రెండో మందు కలుపుతారు. మెథోట్రెక్సేట్ అయితే వారానికి ఒక్క రోజే. దాన్ని రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద ఆ వారం పేరు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి. పిల్లలు కావాలనుకునేవారికి మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్ పనికిరావు, అజథయోప్రిన్ ఇవ్వవచ్చు. వీటికి లొంగకపోతే టోసిలిజుమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి, కానీ ముందు ఒంట్లో క్షయ దాగి ఉందేమో చూడాలి. స్టెరాయిడ్‌తో మొహం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది. అది చూసి భయపడి ఒక్కసారిగా మానేసేవాళ్లు ఎక్కువ. ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే నిద్రపోయి ఉంటుంది కాబట్టి అలా మానితే మనిషి కుప్పకూలవచ్చు.

బెలూన్ పెట్టి నాళం తెరవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. గోడ వాచి ఉండగా తెరిస్తే అది మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. అందుకే అత్యవసరం కాకపోతే మందులతో జబ్బు చల్లారే దాకా ఆగుతారు. మన ఉదాహరణలో ముందు తెరవాల్సింది చేతి నాళాన్ని కాదు, మూత్రపిండం నాళాన్ని. ఆరు నెలలు మందులు వాడి, జబ్బు చల్లారాక దాన్ని బెలూన్‌తో తెరిచారు, కుడిచేతి బీపీ 134కి దిగింది. ఎడమ నాళాన్ని ముట్టుకోలేదు. పక్కదారులు బలపడ్డాయి, జడ ఒక్క దమ్ములో అల్లుకోగలుగుతోంది. ఎడమ నాడి మాత్రం తిరిగి రాలేదు, బహుశా రాదు కూడా. ఆమె ఓపీ పుస్తకం అట్ట మీద ఎర్ర పెన్నుతో ఒక మాట రాసి ఉంటుంది: బీపీ కుడిచేతికే చూడాలి.