పిన్ని రాసిచ్చిన కాగితం, విమాన సంస్థకు వెళ్లిన ఉత్తరం

నిరుడు జూన్‌లో మా పిన్ని, బాబాయి డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లారు. హైదరాబాదులో నాలుగు పెట్టెలు ఇస్తే అక్కడ మూడే వచ్చాయి. వారం చూసి, పిన్ని రెండు పేజీలు తెలుగులో రాసి, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపింది. "నాన్నా, దీన్ని మంచి ఇంగ్లీషులో పెట్టి వాళ్లకు గట్టిగా రాయి" అంది.

ఆ రెండు పేజీల్లో ఆవిడ బాధంతా ఉంది. బెల్టు దగ్గర గంటన్నర నిలబడడం, బాబాయికి కాళ్లు వాయడం, కౌంటర్లో అమ్మాయి ముఖం కూడా ఎత్తకుండా మాట్లాడడం, మనవరాలి కోసం కొన్న వెండి గిన్నె ఆ పెట్టెలోనే ఉండిపోవడం. అన్నీ నిజాలే. కాని విమాన సంస్థలో ఆ ఉత్తరం చదివే ఉద్యోగి మొట్టమొదట వెతికేవి ఇవి కావు. ఆ ఫైలు ఏదో, అది ఏ దశలో ఉందో, ఎంత అడుగుతున్నారో, దానికి రుజువేమిటో చూస్తాడు. పిన్ని కాగితంలో వీటికి జవాబులు లేకపోలేదు. "ఏదో కాగితం చేతిలో పెట్టి పొమ్మన్నారు" అన్న ఒక్క ముక్కలో అసలు విషయమంతా దాగి ఉంది.

ఆ కాగితాన్ని ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్ అంటారు. ఎయిర్‌పోర్టుల్లో అందరూ పీఐఆర్ అనే పిలుస్తారు. పెట్టె రాలేదని బ్యాగేజీ కౌంటర్లో చెప్పగానే నమోదు చేసేది ఇదే. దాని మీద DFWXX12345 లాంటి నంబరు ఉంటుంది. మొదటి మూడక్షరాలు ఫిర్యాదు నమోదైన విమానాశ్రయానివి, తర్వాతి రెండు విమాన సంస్థవి, చివరి ఐదంకెలు ఆ ఫైలువి. ప్రపంచంలోని చాలా విమాన సంస్థలు తప్పిపోయిన పెట్టెల్ని వెతకడానికి వాడే వరల్డ్ ట్రేసర్ అనే వ్యవస్థలో ఈ నంబరుతోనే వెతుకుతారు. అది లేని ఉత్తరాన్ని ఏ ఫైలులో పెట్టాలో తేల్చడానికే వాళ్లకు రోజులు పడుతుంది. కాగితం పారేయలేదు కదా అని కంగారుగా అడిగితే, పాస్‌పోర్టు కవరులో ఉందని పిన్ని ఫోటో పంపింది. బోర్డింగ్ పాస్ వెనక అంటించిన నాలుగు ట్యాగు ముక్కలూ ఉన్నాయి. రాని పెట్టెది ఏ ముక్కో, వచ్చిన మూడు పెట్టెల హ్యాండిళ్లకున్న పది అంకెల నంబర్లతో సరిచూసి తేల్చుకున్నాం.

ఆ తర్వాత తేదీలు. వీటి దగ్గరే ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది. పదో తేదీ రాత్రి బయలుదేరాం, పన్నెండున దిగాం అని పిన్ని రాసింది. టిక్కెట్టు చూస్తే విమానం పదకొండో తేదీ తెల్లవారుజామున నాలుగింటికి. ఇంట్లోంచి పదో తేదీ రాత్రి బయలుదేరారు కాబట్టి ఆవిడ లెక్కలో ప్రయాణం పదో తేదీది. గల్ఫ్‌లో విమానం మారి డాలస్‌లో దిగింది అక్కడి పదకొండు సాయంత్రం. ఆవిడ ఫోను ఇంకా మన టైములోనే ఉంది, అప్పటికి మనకు పన్నెండో తేదీ వచ్చేసింది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టి పంపితే వాళ్ల రికార్డులో ఆ రోజు ఆ పేరుతో ప్రయాణికురాలే ఉండదు. అందుకే తేదీలన్నీ టిక్కెట్టు, పీఐఆర్ చూసి వేశాను. నెలను అంకెల్లో కాకుండా పేరుతో రాశాను. ఎందుకంటే అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. 11-06 అని పెడితే అక్కడ అది నవంబరు ఆరు అయి కూర్చుంటుంది. పేరు కూడా టిక్కెట్టులో ఉన్నట్టే, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయాలి. పిన్ని సంతకంలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది.

తేదీల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, హక్కు మొత్తం వాటి మీదే నడుస్తుంది. అంతర్జాతీయ ప్రయాణాల్లో సామాను బాధ్యతను నిర్ణయించేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. మన దేశం 2009లో అందులో చేరింది. దాని ప్రకారం రావాల్సిన రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు దాటినా పెట్టె రాకపోతే, లేదా పోయిందని సంస్థే ఒప్పుకుంటే, అప్పుడు అది పోయినట్టు లెక్క. అంతవరకు ఆలస్యమైనట్టే. కాబట్టి పిన్ని అడిగిన వారం నాటికి "పెట్టె పోయింది, మొత్తం డబ్బు ఇవ్వండి" అని రాస్తే, వెతుకుతున్నాం అనే రెండు ముక్కల జవాబుతో వాళ్లు చేతులు దులుపుకునేవాళ్లు.

అందుకే రెండు ఉత్తరాలు రాశాం. మొదటిది ఆలస్యం గురించి. ఫలానా పీఐఆర్, ఫలానా ట్యాగు, పెట్టె ఇంకా అందలేదు, అది లేనందువల్ల అవసరమైన బట్టలు, చెప్పులు కొనుక్కోవాల్సి వచ్చింది, బిల్లులు జతపరిచాం, ఆ ఖర్చు ఇప్పించండి అని. ఇలా అత్యవసరంగా కొన్నవాటి ఖర్చు ఆలస్యం వల్ల కలిగిన నష్టం కింద అడగవచ్చు. రెండో ఉత్తరం జూలై 3న వెళ్లింది. జూన్ 11 నుంచి లెక్కవేస్తే ఇరవై ఒక్క రోజుల గడువు జూలై 2తో ముగిసింది.

ఇక్కడ చాలామంది పొరపడతారు. ఎయిర్‌పోర్టులో పీఐఆర్ రాయించాం కదా, ఫిర్యాదు చేసినట్టే అనుకుంటారు. అది పెట్టెను వెతకడానికి మొదటి మెట్టు మాత్రమే, పరిహారం కోరే ఉత్తరం వేరు. ఒకవేళ పెట్టె ఆలస్యంగా చేతికొస్తే, ఆ రోజు నుంచి ఇరవై ఒక్క రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పగిలిపోయి వస్తే గడువు ఏడు రోజులే. తాళం విరిగి లోపలి సామాను తగ్గినా ఏడు రోజుల లెక్కే వేసుకోవడం క్షేమం.

రెండో ఉత్తరంలో అసలు పని జాబితాది. "అయిదారు పట్టుచీరలు, పచ్చళ్లు, పిల్లకి సామాన్లు, అన్నీ కలిపి రెండు లక్షలు" అని పిన్ని రాసింది. ఫోనులో ఒక్కొక్కటీ అడుగుతూ పోతే పట్టుచీరలు నాలుగని తేలింది. ఒక కంచిపట్టు 2019లో 24 వేలకు కొన్నది. ఆ బిల్లు లేదు, కాని పెళ్లిలో అది కట్టుకున్న ఫోటో ఉంది. మరో రెండింటికి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చెల్లింపు దొరికింది. నాలుగోది ఎవరో పెట్టింది, దాని ధర ఆవిడకే తెలియదు. దాన్ని జాబితాలో చేర్చి, సుమారు విలువ అని స్పష్టంగా రాశాం. పచ్చళ్లకు వెల కట్టలేదు, తినే సరుకులను సంస్థలు తమ షరతుల్లో ముందే మినహాయిస్తాయి. ఇలా లెక్క తేల్చగా లక్షా ముప్పై వేల దగ్గర ఆగింది. పిన్నికి అది నచ్చలేదు. కాని ఒక్క వస్తువు విలువ పెంచినట్టు దొరికితే మిగతా జాబితానూ అనుమానంగా చూస్తారు. పైగా చెక్-ఇన్‌లో ఆ పెట్టె తూకం ఎంతో వాళ్ల దగ్గర నమోదై ఉంటుంది. రాసిన సామాను ఆ బరువులో ఇమడాలి.

పరిహారానికి పైహద్దు కూడా ఉంది. 2024 డిసెంబరు 28 నుంచి అది ఒక్కో ప్రయాణికుడికి 1,519 స్పెషల్ డ్రాయింగ్ రైట్స్. అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే కొలమానం అది, డాలర్లలో చూస్తే సుమారు రెండు వేలు. ఈ హద్దు పెట్టెకు కాదు, మనిషికి. మన ఇళ్లలో భార్యాభర్తల బట్టలు ఒకే పెట్టెలో సర్దడం మామూలే. ట్యాగులేమో ఒకరి పేరు మీదే పడుతుంటాయి. బార్సిలోనా నుంచి పారిస్ వెళ్లిన ఒక కుటుంబం కేసులో 2012లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, ఇతరుల పేరున ఇచ్చిన పెట్టెలో తన వస్తువులున్న ప్రయాణికుడు కూడా వాటికి పరిహారం అడగవచ్చని, అవి అందులో ఉన్నాయని మాత్రం అతనే చూపించాలని చెప్పింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు. అయినా జాబితాలో పిన్నివి, బాబాయివి విడివిడిగా రాసి, ఇద్దరిచేతా సంతకం పెట్టించాం.

వెండి గిన్నె దగ్గర మొదటి జవాబులోనే పేచీ వచ్చింది. విలువైన వస్తువులకు తమ షరతుల ప్రకారం బాధ్యత లేదన్నారు. ఒప్పందంలోని 26వ అధికరణం ప్రకారం బాధ్యతను తప్పించే, లేదా నిర్ణయించిన హద్దు కంటే తగ్గించే షరతు చెల్లదు. మా తిరుగు ఉత్తరంలో ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి, గిన్నె కొన్న బిల్లు జతచేశాం. అంతమాత్రాన వెండి బంగారాలు పెట్టెలో పెట్టవచ్చని కాదు. ప్రయాణికుడి నిర్లక్ష్యం కూడా నష్టానికి కారణమని చూపగలిగితే పరిహారం తగ్గించే వీలు అదే ఒప్పందం సంస్థకు ఇస్తోంది.

కౌంటర్లో అమ్మాయి సంగతి ఏం చేశావని పిన్ని అడిగింది. దాన్ని వదల్లేదు. "మీ సిబ్బంది జూన్ 11 సాయంత్రం, పెట్టె మర్నాడు ఇంటికి పంపుతామన్నారు, పంపలేదు" అని పెట్టాను. ముఖం ఎత్తకపోవడాన్ని సంస్థ కాదనవచ్చు, మర్నాటికి రాని పెట్టెను కాదనలేదు. ఉత్తరం మొత్తం ఒక పేజీ. పైన పీఐఆర్, టిక్కెట్టు, ట్యాగు, విమానం నంబర్లు, కింద జరిగింది, తర్వాత అడుగుతున్న మొత్తం, ఎప్పటిలోగా జవాబు కావాలో ఆ తేదీ. జాబితా, ఫోటోలు, బిల్లులు విడిగా. వాళ్ల వెబ్‌సైటులోని ఫారంలో పెట్టి, ఈమెయిల్‌గానూ పంపి, ఫారం పంపాక వచ్చిన నంబరు స్క్రీన్‌షాట్ దాచుకున్నాం.

చీరలు పాతవని కొంత కోసి, గిన్నెతో సహా మిగతాది ఇచ్చారు. బిల్లు లేని కంచిపట్టుకు ఫోటో పనికొచ్చింది.

జవాబే రాకపోతే, లేదా వచ్చింది అన్యాయమనిపిస్తే, హైదరాబాదులో టిక్కెట్టు కొన్నవాళ్లు అమెరికా కోర్టు మెట్లెక్కనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పవచ్చు, ఆపైన మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అయితే ఉత్తర ప్రత్యుత్తరాలు ఎన్ని నడుస్తున్నా, విమానం చేరిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాల్సిందే. అది దాటితే హక్కు ఉండదు.