ఆ బండి మాది కాదు

ఫోన్‌కు ట్రాఫిక్ చలానా మెసేజ్ వస్తే చాలామంది ముందు చూసేది మొత్తం ఎంతో. అసలు చూడాల్సింది ఫొటో. చలానాలో ఉన్న ఫొటో మీ బండిది కాకపోతే జరిమానా వందయినా వెయ్యయినా ఒకటే, కట్టక్కర్లేదు. కానీ ఆ మాట పోలీసులకు రాసి, రుజువుతో చెప్పాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందో తెలిస్తే ఉత్తరం రాయడం తేలిక. తెలంగాణలో చాలా చలానాలు కూడలిలో ఉన్న కానిస్టేబుల్ కెమెరాతోనో, స్తంభం మీది కెమెరాతోనో తీసిన ఫొటో నుంచి పుడతాయి. ఫొటోలోని నంబరును మనిషో సాఫ్ట్‌వేరో చదవాలి. ప్లేటు మీద మట్టి పడ్డా, స్క్రూ అంకె మధ్యలో బిగించినా, సోకు కోసం అక్షరాలు వంకర్లు తిప్పి రాయించుకున్నా 3 కాస్తా 8 అవుతుంది, డి కాస్తా సున్నా అవుతుంది. ఆ ఒక్క అంకెతో జరిమానా ఊరు మారి, ఎప్పుడూ ఆ కూడలి దాటని మనిషి ఇంటికి చేరుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హన్మకొండలో ఒక టీచరమ్మకు బూడిద రంగు స్కూటర్ ఉంది. నంబరు చివర 3818. మంగళవారం సాయంత్రం 6.42కి సికింద్రాబాద్ ప్యారడైజ్ కూడలిలో హెల్మెట్ లేకుండా నడిపారని ఆమెకు చలానా వచ్చింది. ఆమెకు మొదట తోచే జవాబు, ‘ఆ టైముకి నేను ఇంట్లోనే ఉన్నానండీ’ అని. నిజమే కావచ్చు. అయితే చలానా పడింది మనిషి మీద కాదు, బండి మీద. ఆమె ఇంట్లో ఉండగా తమ్ముడో మరిదో బండి తీసుకెళ్లి ఉండవచ్చు కదా అని అవతలివాళ్లు అడిగితే ఆ జవాబు నిలవదు. ఆఫీసు హాజరు, ఫోన్‌లోని లొకేషన్, ఆ రోజు కొన్న సినిమా టికెట్ ఇవన్నీ మనిషి జాడ చెబుతాయే గాని బండి జాడ చెప్పవు.

అందుకే బలమైన రుజువు వాళ్ల ఫొటోలోనే వెతకాలి. పోలీసుల ఈ-చలానా వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి, ఆ చలానా ఫొటోను పూర్తి సైజులో దించుకుని, ప్లేటు దగ్గర పెద్దది చేసి చూడాలి. టీచరమ్మకు కనబడింది నల్ల మోటార్ సైకిల్, దాని మీద ఇద్దరు మగవాళ్లు. ప్లేటు చివర అంకె 8 కాదు, 3. ఇక్కడితో సగం పని అయిపోయినట్టే.

మిగతా సగానికి ఆర్సీ కావాలి. అందులో వాహన తరగతి దగ్గర మోటార్ సైకిల్, స్కూటర్ కలిపే రాసి ఉంటుంది కాబట్టి దాన్ని చూపిస్తే ఏమీ తేలదు. కంపెనీ, మోడల్ పేరు, రంగు ఉన్న వరుసల కింద గీత గీయాలి. తర్వాత చలానా ఫొటో ఏ కోణంలో తీశారో అదే కోణంలో, అంటే వెనక నుంచయితే వెనక నుంచే, సొంత బండిని ప్లేటు కనబడేలా ఫొటో తీయాలి. రెండూ పక్కపక్కన పెడితే చూసే ఉద్యోగికి అర నిమిషం పని. ఆర్సీ కాపీ మీద ‘ఈ చలానా ఫిర్యాదు కోసం మాత్రమే’ అని అడ్డంగా రాసి సంతకం పెట్టడం మంచిది. బండి కాగితాలు ఎక్కడెక్కడ తిరుగుతాయో ఎవరికి తెలుసు!

చిక్కు ఎప్పుడొస్తుందంటే, ఫొటోలోనిదీ మీదీ ఒకే మోడల్, ఒకే రంగు అయినప్పుడు. అప్పుడు సీటు కవరు, అద్దం, మడ్‌గార్డ్ మీది సొట్ట, స్టిక్కరు, ప్లేటు రకం వంటి తేడాలు పట్టుకోవాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. ఎడమవైపు హోలోగ్రామ్ ఉన్న ఆ ప్లేటు మీ బండికి ఉండి, ఫొటోలో మామూలు పెయింటు ప్లేటు కనబడితే అది గట్టి తేడా. సమయం, చోటు కూడా ఇక్కడే అక్కరకొస్తాయి. అయితే అవి బండివై ఉండాలి. సర్వీసు సెంటర్ ఇచ్చిన జాబ్ కార్డు, నంబరు రాసిన పార్కింగ్ రసీదు, అపార్ట్‌మెంట్ గేటు రిజిస్టర్, కారుకైతే ఫాస్టాగ్ టోల్ వివరాలు పనికొస్తాయి. సీసీ కెమెరా రికార్డు కొన్నాళ్లకే చెరిగిపోతుంది. చలానా చూసిన రోజే వాచ్‌మన్‌ను అడిగి ఆ ముక్క దాచుకోవాలి. చలానా జారీ అయిన తేదీ వేరు, ఫొటో తీసిన తేదీ వేరు. రుజువు ఫొటో తీసిన సమయానికి ఉండాలి.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. కోపం అసలు వద్దు. టీచరమ్మది ఇలా ఉంటే సరిపోతుంది:

‘ఆర్యా, ఫలానా నంబరు చలానా నా స్కూటర్‌పై జారీ అయింది. అందులో చూపిన సమయం మంగళవారం సాయంత్రం 6.42, చోటు ప్యారడైజ్ కూడలి. జతచేసిన మీ ఫొటోలో ఉన్నది నల్ల మోటార్ సైకిల్. దాని నంబరు చివర 3813గా కనబడుతోంది. నా బండి బూడిద రంగు స్కూటర్, నంబరు చివర 3818. ఆ సాయంత్రం అది హన్మకొండలోని మా అపార్ట్‌మెంట్‌లో ఉంది. గేటు రిజిస్టర్ కాపీ, ఆర్సీ, బండి ఫొటోలు జతచేశాను. పరిశీలించి నా బండిపై చలానా రద్దు చేసి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

దీన్ని వెబ్‌సైట్‌లోని ఫిర్యాదు విభాగంలోనో, చలానా వేసిన కమిషనరేట్ ట్రాఫిక్ విభాగానికి ఈ-మెయిల్‌లోనో, రిజిస్టర్డ్ పోస్టులోనో పంపవచ్చు. హన్మకొండ స్టేషన్‌లో ఇస్తే పని జరగదు. చలానా హైదరాబాద్‌ది. ఏ దారిలో పంపినా ఫిర్యాదు నంబరు లేదా పోస్టు రసీదు దాచాలి. జవాబు రాకపోతే దాన్ని చూపుతూ మరోసారి రాయాలి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకుంటే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ‘నా ఫిర్యాదుపై ఏం చర్య తీసుకున్నారు’ అని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు ఉత్తరం కన్నా ఈ ప్రశ్నే ఫైలును కదిలిస్తుందని నా అభిప్రాయం.

చట్టం కూడా కొంత అండగా ఉంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఏ ప్రకారం, కెమెరా ఆధారంగా వేసే చలానాలో ఉల్లంఘన, నంబరు ప్లేటు స్పష్టంగా కనబడే ఫొటో, తేదీ, సమయం, చోటు ఉండాలి. నోటీసు 15 రోజుల్లోగా పంపాలని 2021లో ఆ నిబంధన చెప్పింది. ఫొటోలో ప్లేటు మసకగా ఉంటే ఆ మాట కూడా ఉత్తరంలో రాయండి.

ఒక్కటి మాత్రం చేయకూడదు. ముందు కట్టేసి తర్వాత అడుగుదామనుకోవద్దు. కట్టడమంటే చట్టం లెక్కలో రాజీ కుదిరినట్టే, కేసు ముగిసినట్టే. తెలంగాణలో 2022లో ద్విచక్ర వాహనాల పాత చలానాలపై 75 శాతం, 2023 చివర్లో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. వెయ్యి రూపాయలది రెండొందలకే పోతుందంటే, తనది కాని చలానా కూడా జాబితాలో కలిపి కట్టేయాలనిపిస్తుంది. పోలీసులు ఒప్పుకోకపోతే చివరికి కోర్టులో చెప్పుకునే హక్కు కూడా కట్టనివాళ్లకే మిగులుతుంది. మెసేజ్‌లో యాప్ ఫైలు దించుకోమని ఉంటే మాత్రం అది చలానాయే కాదు, మోసం.

అమ్మేసిన బండిపై చలానా రావడం వేరే సంగతి. బదిలీ పూర్తికాకపోతే రికార్డుల్లో యజమాని మీరే. ఆ ఫొటో తప్పు కాదు. దానికి ఆర్టీఏ ఆఫీసు దారి పట్టాల్సిందే.

రద్దయిందని జవాబొచ్చాక రెండు మూడు నెలలు మీ నంబరు కొట్టి చూస్తుండండి. అంకె తప్పు చదివిన చలానా సాధారణంగా ఒక్కసారే వస్తుంది. అదే పేటలో, అదే వేరే బండి ఫొటోతో, మీ నంబరే స్పష్టంగా కనబడుతూ మళ్లీ మళ్లీ వస్తుంటే ఎవరో మీ నంబరుతో దొంగ ప్లేటు బిగించుకున్నారన్నమాట. అప్పుడు ట్రాఫిక్ వాళ్లకు ఉత్తరం సరిపోదు. ఆ ఫొటోలన్నీ పట్టుకుని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని, తర్వాత వచ్చే ప్రతి చలానా అభ్యంతరానికీ దాన్ని జతచేయాలి.