ఏళ్లు కాదు, ఏడు అడగండి

మన ఊళ్లలో కొత్తగా పరిచయమైన మనిషిని ఏ ఊరు, ఏం పని, పిల్లలెందరు, పెళ్లిళ్లయ్యాయా అని వరసగా అడిగేస్తాం. ఎవరూ తప్పు పట్టరు. కానీ డెబ్భై దాటిన పెద్దాయన్ని పట్టుకుని ‘‘మీకెన్నేళ్లండీ?’’ అంటే మాత్రం మాట తడబడుతుంది. ‘‘ఏదో, ఉన్నాయిలే’’ అని నవ్వేసి ఆయన వేరే సంగతిలోకి వెళ్లిపోతారు. పక్కనున్న కోడలు మనవైపు ఓ చూపు చూస్తుంది.

ఇది వయసు దాచుకునే సోకు కాదు. మన నీతిశాస్త్రాల సంప్రదాయంలో బయటికి చెప్పకూడని తొమ్మిది విషయాల్లో ఆయువు ఒకటి. డబ్బు, ఇంటిగుట్టు దాని తర్వాతే వస్తాయి. వయసు లెక్కబెడితే ఆయుక్షీణమనీ, ‘‘అబ్బో, ఇంకా గట్టిగా ఉన్నారే’’ అంటే దిష్టి తగులుతుందనీ చాలా ఇళ్లలో నమ్మకం. ఆ నమ్మకం లేనివారికి కూడా ఆ ప్రశ్నలో ఇంకో ప్రశ్న వినిపిస్తుంది. పదేళ్లవాణ్ని ఎన్నేళ్లురా అంటే ఎంత ఎదిగావని అడిగినట్టు. ఎనభై ఏళ్లాయన్ని అడిగితే ఇంకెంత మిగిలిందని అడిగినట్టు. పైగా వయసు అడగడం పెద్దలు చిన్నవాళ్లను అడిగే వరస. అది తిరగబడితే మర్యాద తప్పినట్టే తోస్తుంది.

వీటన్నిటికంటే మామూలు కారణం మరొకటుంది. చాలామందికి తమ పుట్టినతేదీ నిజంగానే తెలియదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టిన బిడ్డ పేరు రికార్డుకెక్కడం ఊరిని బట్టి, కరణాన్ని బట్టి ఉండేది. బడిలో వేసేటప్పుడు పంతులుగారు తోచిన తేదీ రాసుకున్నారు. అందుకే ఆ తరంలో జూలై 1న పుట్టినవాళ్లు అంతమంది కనిపిస్తారు. బడి మొహం చూడనివారికి ఆధార్ నమోదులో ఉజ్జాయింపుగా ఓ ఏడు వేశారు, కార్డు మీద జనవరి 1 పడింది. వయసు అడిగితే ఏది చెప్పాలి? అమ్మ చెప్పిందా, కార్డులో ఉన్నదా? పింఛను తీసుకునేవారికి ఇంకో భయం కూడా ఉంటుంది. ఈ అడిగేవాడు ఎవరి తరఫున వచ్చాడో!

అయినా కొన్నిచోట్ల తెలుసుకోక తప్పదు. డాక్టరు దగ్గర, బీమా కాగితంలో, ఇంట్లో సహస్ర చంద్ర దర్శనం తలపెట్టినప్పుడు. జనాభా లెక్కలవాళ్లు, ఆరోగ్య సర్వేలవాళ్లు తేదీ చెప్పలేనివారి దగ్గర ఒక పద్ధతి వాడతారు. అంకె అడగరు. ఆ ప్రాంతంలో అందరికీ గుర్తుండే సంఘటనల పట్టిక దగ్గర పెట్టుకుని, అది జరిగినప్పుడు మీరెంత వారని అడుగుతారు. ఇంట్లోనూ మనకు పనికొచ్చేది ఇదే. పెద్దవాళ్లు ఏళ్లు లెక్కపెట్టుకోకపోయినా చూసినవాటిని మరచిపోరు.

ఉదాహరణకు మిర్యాలగూడ వైపు ఒక నాయనమ్మ ఉందనుకుందాం. ఆధార్ మీద 01-01-1950 అని ఉంది. మనవడు వయసు మాట ఎత్తకుండా ‘‘నాయనమ్మా, రజాకార్ల కాలం నీకు యాదికున్నదా?’’ అని మొదలుపెడతాడు. ‘‘ఎందుకు లేదు బిడ్డా! మా అమ్మ తమ్ముణ్ని సంకనేసుకుంటే నేను కొంగు పట్టుకొని చేన్ల పొంటి ఉరికిన’’ అంటుంది. ఆ గొడవ ముగిసింది పోలీసు చర్యతో, 1948 సెప్టెంబరులో. సొంతంగా పరుగెత్తేంత, ఆ సంగతి తనకే గుర్తుండేంత పిల్ల అంటే నాలుగైదేళ్లయినా ఉండాలి. కార్డులోని 1950 అక్కడే తేలిపోయింది.

ఒక్క గుర్తుతో ఆగకూడదు. ‘‘సాగర్‌కు నెహ్రూ వచ్చినప్పుడు పోయినవా?’’ అంటాడు మనవడు. నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబరు 10న. ‘‘మా నాయన బండి కట్టిండు. అప్పటికి నేనింకా లంగా జాకెట్ల మీదనే ఉన్న. ఎండకాలం లగ్గమైంది’’ అంటుంది. ఓణీ ఇంకా వేయలేదంటే పన్నెండు అటూ ఇటూ. రెండు జవాబులూ 1943, 44 దగ్గర కలిశాయి.

ఇక మూడోది. ‘‘నువ్వు పుట్టిన ఏడు పేరు మీ నాయన ఏమన్నా చెప్పేదా?’’ స్వభాను అని, బతుకమ్మ పండుగ ముందర అని ఆమెకు గుర్తుంది. ఆ పేరున్న ఏడు అరవై ఏళ్లకోసారే వస్తుంది గనక అయోమయం లేదు. 2003 ఉగాదితో మొదలైంది స్వభాను. అరవై తీసేస్తే 1943. బతుకమ్మ ముందర అంటే ఆ ఏడు సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతం. 2025 బతుకమ్మకు ఆమెకు 82 నిండుతాయి. కార్డు లెక్కలో అప్పటికి 75 మాత్రమే.

ఈ లెక్క తప్పే చోట్లూ ఉన్నాయి. తెలుగు ఏడు ఉగాది నుంచి ఉగాదికి గనక, సంక్రాంతికో శివరాత్రికో పుట్టినవారికి ఇంగ్లీషు సంవత్సరం ఒకటి కలపాలి. స్వభాను సంక్రాంతి 1944లో పడుతుంది. పుష్కరాలు చెబితే ఏ పుష్కరాలో తేల్చుకోవాలి, లేకపోతే ఒకేసారి పన్నెండేళ్లు తేడా వస్తుంది. ‘‘డెబ్భై ఎనిమిది’’ అన్నప్పుడు నిండాయా, నడుస్తున్నాయా అన్నది కూడా చూసుకోవాలి. చాలామంది నడిచే ఏడే చెబుతారు. సంఘటన తాను చూసిందా, అమ్మ చెబితే విన్నదా అన్నది మరీ ముఖ్యం. మూడేళ్లలోపు సంగతి అంత వివరంగా చెబుతున్నారంటే అది ఎక్కువగా విన్న మాటే. మూడు గుర్తుల్లో ఒకటి మిగతా రెంటికీ దూరంగా పోతే, దాన్ని పక్కనబెట్టి నాలుగోది అడగాలి.

అడిగే దారిలో గుచ్చుకునే చోట్లు కూడా కొన్ని. షష్టిపూర్తి ఎప్పుడు చేసుకున్నారని అడిగితే తేలిగ్గా పుట్టిన ఏడు తెలుస్తుంది నిజమే. కానీ అది దంపతులు కలిసి చేసుకునే వేడుక. భర్తను ముందే పోగొట్టుకున్నావిడను అడిగే ప్రశ్న కాదు. ‘‘మీ ఈడువాళ్లు ఎవరున్నారు?’’ అన్నదీ అంతే, జవాబు పోయినవాళ్ల జాబితా అవుతుంది. దానికి బదులు ‘‘మా నాన్నకంటే మీరు పెద్దా అత్తయ్యా?’’ అంటే వరస నిలుస్తుంది, మాటా సాగుతుంది.

డాక్టరు దగ్గర మాత్రం ఈ డొంకతిరుగుడు పనికిరాదు. అక్కడ సూటిగా, కారణంతో అడగాలి: ‘‘మందు ఎంత వేయాలో వయసును బట్టి చూస్తారు తాతా, నిజం వయసు చెప్పాలి.’’ అడిగేది ఆయన్నే, వెంట వచ్చిన కొడుకును కాదు. నలుగురూ కూర్చున్న వరండాలో కాదు, గదిలో. ఆయన చెప్పాక ‘‘కార్డులో వేరే ఉందే’’ అని అక్కడే నిలదీయకూడదు. కార్డు తేదీ ఆఫీసు కాగితాలకు, అసలు వయసు వైద్యానికి అని రెండూ విడివిడిగా రాసుకుంటే సరిపోతుంది.

పలకరింపు కోసమైతే అసలు అంకెతో పనేముంది? పిన్ని అనాలో పెద్దమ్మ అనాలో తేల్చుకోవడానికి అమ్మకంటే చిన్నా పెద్దా అన్నది చాలు. రెండోసారి కూడా ఆవిడ నవ్వి మాట దాటేస్తే, చెప్పడం ఇష్టం లేదన్నమాట. అక్కడితో ఆపేయాలి.